హోదా మారింది, టోకెన్ మారలేదు

సరుకులు పంపిణీ చేసే ఒక కంపెనీని, అందులోని అకౌంట్స్ విభాగాన్ని ఊహించుకుందాం. అక్కడ బిల్లులు ఎంట్రీ చేసే ఒక ఉద్యోగినికి పదోన్నతి వచ్చింది. ఇకమీదట ఆమె బిల్లులు ఎంట్రీ చేయకూడదు, మిగతావాళ్లు చేసినవి సరిచూసి ఆమోదించాలి. 2026 జనవరి 5, సోమవారం ఉదయం పదకొండింటికి ఆర్డరు చేతికొచ్చింది. పది నిమిషాల్లో సిస్టమ్ అడ్మిన్ ఆమె రోల్ మార్చేశాడు. తీరా ఆమె తన కంప్యూటర్లో చూస్తే ‘ఆమోదించు’ బటన్ లేదు. పేజీ రిఫ్రెష్ చేసింది, అయినా లేదు. అడ్మిన్‌కి ఫోన్ చేసింది.

“నా స్క్రీన్ మీద మీరు సూపర్‌వైజర్ అనే ఉంది మేడమ్. ఒకసారి లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి” అన్నాడతను.

ఆమె అలాగే చేసింది. బటన్ వచ్చింది. ఇద్దరూ ఎవరి పనుల్లో వాళ్లు పడిపోయారు.

కంప్యూటర్ల మీద నడిచే ఆఫీసుల్లో ఈ మాట వినని ఉద్యోగి ఉండరు. లాగౌట్ అయి లాగిన్ అయితే సరిపోయే చిన్న ఇబ్బందిగానే అందరూ దీన్ని చూస్తారు. కానీ అధికారం ఇచ్చినప్పుడు ఆలస్యమయ్యే వ్యవస్థలో, అధికారం తీసేసినప్పుడు కూడా అంతే ఆలస్యం అవుతుంది. మొదటి ఆలస్యం గురించి అడ్మిన్‌కి ఫోన్లు వస్తాయి. రెండోదాని గురించి ఎవరూ ఫోన్ చేయరు. అందుకే ఈ బటన్ ఎందుకు రాలేదో కాస్త నింపాదిగా తెలుసుకోవాలి.

పొద్దున తొమ్మిదిన్నరకు ఏం జరిగింది?

ఆ ఉద్యోగిని ఆ రోజు తొమ్మిదిన్నరకు యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కొట్టి లాగిన్ అయింది. సర్వర్ ఆ రెండూ సరిచూసింది. డేటాబేస్ తెరిచి ఆమె ఎవరు, ఆమెకు ఏయే పనులు చేసే అనుమతి ఉందో చదివింది. చదివినదంతా ఒక చిన్న చీటీగా రాసి, కింద తన డిజిటల్ సంతకం పెట్టి, ఆమె బ్రౌజర్ చేతికి ఇచ్చింది. ఈ చీటీనే టోకెన్ అంటారు. ఆ తర్వాత ఆమె ఏ బటన్ నొక్కినా, ఏ పేజీ తెరిచినా, బ్రౌజర్ ఆ టోకెన్‌ని కూడా జతచేసి పంపుతుంది. సర్వర్ ఆమె పాస్‌వర్డ్ మళ్లీ అడగదు.

ఇలాంటి టోకెన్లలో నేడు బాగా వాడుకలో ఉన్నది జెసన్ వెబ్ టోకెన్. దీని ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 7519 అనే పత్రంగా 2015 మే నెలలో వెలువడింది. చూడటానికి అది అర్థంకాని అక్షరాల పొడవాటి తాడులా ఉంటుంది. మధ్యలో రెండు చుక్కలుంటాయి, అవి దాన్ని మూడు ముక్కలు చేస్తాయి. మొదటి ముక్కలో సంతకం ఏ పద్ధతిలో పెట్టారో ఉంటుంది. రెండో ముక్కలో అసలు విషయం, మూడో ముక్కలో సంతకం ఉంటాయి. మన ఉద్యోగిని టోకెన్‌లో రెండో ముక్కను విప్పితే ఇలా ఉంటుంది:

```
{
  "sub": "E1047",
  "role": "accounts_clerk",
  "perms": ["bill.create", "bill.view"],
  "iat": 1767585600,
  "exp": 1767614400
}
```

`sub` అంటే ఈ టోకెన్ ఎవరిదో చెప్పే ఉద్యోగి నంబరు. `role` ఆమె హోదా. `perms` ఆమెకున్న అనుమతులు: బిల్లు తయారు చేయడం, బిల్లు చూడటం. `iat` టోకెన్ ఇచ్చిన సమయం, `exp` దాని గడువు తీరే సమయం. ఈ రెండు పెద్ద అంకెలు 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లు. మన గడియారంలోకి మారిస్తే మొదటిది జనవరి 5 ఉదయం తొమ్మిదిన్నర, రెండోది అదే సాయంత్రం ఐదున్నర. అంటే ఎనిమిది గంటల గడువు.

పదకొండుంపావుకు ఆమె బ్రౌజర్ సర్వర్‌కి పంపింది ఈ టోకెన్‌నే. సర్వర్ సంతకం చూసింది, తనదే. గడువు చూసింది, ఇంకా ఆరు గంటలకు పైగా ఉంది. హోదా చూసింది, క్లర్క్. ఆమోదించే అనుమతి లేదు కాబట్టి బటన్ చూపించలేదు. అడ్మిన్ పదకొండూ పదికి మార్చింది డేటాబేస్‌లో ఉన్న వరుసని. టోకెన్ మాత్రం తొమ్మిదిన్నరకే ఆమె బ్రౌజర్‌లోకి వెళ్లిపోయింది. అడ్మిన్ స్క్రీన్ డేటాబేస్‌ని చదువుతోంది, ఆమె స్క్రీన్ టోకెన్‌ని చదువుతోంది. ఎవరి స్క్రీన్ వాళ్లకు నిజమే చెబుతోంది.

టోకెన్‌ని దూరం నుంచి సవరించడం ఎవరివల్లా కాదు. అందులో ఒక్క అక్షరం మారినా సంతకం సరిపోదు, సర్వర్ తిరస్కరిస్తుంది. ఉద్యోగి తనంతట తాను `accounts_clerk` తీసేసి `supervisor` అని రాసుకోకుండా కాపాడేది ఈ కట్టుదిట్టమే. హోదా మారితే పాత టోకెన్‌ని దిద్దలేరు, కొత్తది ఇవ్వాలి. కొత్తది ఇచ్చే సందర్భం లాగిన్ ఒక్కటే అయితే, మధ్యలో జరిగిన మార్పు తర్వాతి లాగిన్ దాకా ఆగిపోతుంది.

రిఫ్రెష్ బటన్ ఎందుకు పనిచేయలేదో కూడా ఇప్పుడు తెలుస్తుంది. రిఫ్రెష్ చేస్తే పేజీ కొత్తగా వస్తుంది గానీ, ఆ పేజీని అడగడానికి వెళ్లేది పాత టోకెనే. ట్యాబ్ మూసి తెరిచినా చాలా అప్లికేషన్లలో ఇదే జరుగుతుంది. ఫోన్లో యాప్‌ని పక్కకు తోసేసి మళ్లీ తెరిచినా అంతే, టోకెన్ ఫోన్ నిల్వలో భద్రంగా ఉంటుంది. లాగౌట్ నొక్కినప్పుడు మాత్రం బ్రౌజర్ ఆ టోకెన్‌ని పారేస్తుంది. అప్పుడు మళ్లీ లాగిన్ కాక తప్పదు, సర్వర్ మళ్లీ డేటాబేస్ చదవకా తప్పదు.

అసలు ఇలా ఎందుకు కట్టారు?

ఇది తెలివితక్కువ పనేమీ కాదు. ఒక్క పేజీ తెరిస్తే దాని వెనుక సర్వర్‌కి పది, ఇరవై అభ్యర్థనలు వెళ్లడం మామూలే. జాబితా కోసం ఒకటి, ఫోటో కోసం ఒకటి, మెనూ కోసం ఒకటి. ప్రతి దానికీ ‘ఈమె ఎవరు, ఏం చేయవచ్చు’ అని డేటాబేస్‌ని అడిగితే, ఉద్యోగులు వేలల్లో ఉన్నచోట డేటాబేస్ ఆ ఒక్క ప్రశ్నకే అలసిపోతుంది. పైగా ఇవాళ్టి పెద్ద అప్లికేషన్లు ఒకే ప్రోగ్రామ్ కాదు. బిల్లులకు ఒక సర్వర్, స్టాకుకు ఒకటి, జీతాలకు మరొకటి ఉంటాయి. వాటన్నిటికీ ఉద్యోగుల డేటాబేస్ తాళం ఇవ్వడం కూడా మంచిది కాదు. టోకెన్‌లోనే అనుమతులు రాసి పెడితే, ప్రతి సర్వరూ సంతకం సరిచూసుకుని ఎవరినీ అడగకుండా నిర్ణయం తీసుకోగలదు. ఆర్టీసీ కండక్టరు బస్ పాస్ మీద ఫోటో, ముద్ర, తేదీ చూసి ఒప్పుకుంటాడు, డిపోకి ఫోన్ చేసి కనుక్కోడు. ఆ పాస్‌ని నిన్న రద్దు చేసి ఉన్నా అతనికి తెలిసే దారి లేదు. టోకెన్ ఇచ్చే వేగమూ, తెచ్చే చిక్కూ ఒకే చోట నుంచి వస్తున్నాయి.

ఇది వెబ్‌తో పుట్టిన చిక్కూ కాదు. విండోస్‌లో లాగిన్ అయినప్పుడు, ఆ వ్యక్తి ఏయే గ్రూపుల్లో సభ్యుడో రాసిన యాక్సెస్ టోకెన్ ఒకటి తయారవుతుంది. ఆఫీసు నెట్‌వర్క్‌లో అడ్మిన్ ఒకరిని ‘ఫైనాన్స్’ గ్రూపులో కొత్తగా చేర్చినా, వాళ్లు సైన్ అవుట్ అయి వచ్చేదాకా ఆ ఫోల్డర్ తెరుచుకోదు. అలాంటి చోట `whoami /groups` అని కొడితే కనిపించేది లాగిన్ అయినప్పటి జాబితా. లినక్స్‌లోనూ ఇదే తీరు. డాకర్ వాడటం మొదలుపెట్టిన ప్రతి ప్రోగ్రామరూ ఈ ఆదేశం కొట్టే ఉంటారు:

```
sudo usermod -aG docker $USER
```

తమను తాము `docker` గ్రూపులో చేర్చుకునే ఆదేశం ఇది. కొట్టాక కూడా ‘అనుమతి లేదు’ అనే జవాబే వస్తుంది. లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండని డాకర్ సంస్థ సూచనల్లోనే రాసి ఉంటుంది. ఇక్కడ తేడాని కళ్లారా చూడవచ్చు. ఉత్త `id` అని కొడితే ఇప్పుడు నడుస్తున్న సెషన్‌లో ఉన్న గ్రూపులు వస్తాయి, అందులో `docker` ఉండదు. `id` పక్కన తమ యూజర్ నేమ్ కూడా కొడితే వ్యవస్థ రికార్డులో ఉన్న గ్రూపులు వస్తాయి, అందులో `docker` ఉంటుంది. మన అకౌంట్స్ ఉద్యోగిని స్క్రీన్‌కీ అడ్మిన్ స్క్రీన్‌కీ ఉన్న తేడా కూడా ఇదే.

టోకెన్ బదులు సర్వర్‌లోనే సెషన్ దాచే పాత పద్ధతి వాడితే ఈ బాధ ఉండదని కొందరు అనుకుంటారు. ఆ పద్ధతిలో బ్రౌజర్ దగ్గర ఉత్త సంఖ్య ఒకటే ఉంటుంది, వివరాలన్నీ సర్వర్ దగ్గరే ఉంటాయి. కానీ చాలామంది ప్రోగ్రామర్లు లాగిన్ సమయంలో హోదాని చదివి ఆ సెషన్‌లోకి కాపీ చేసి పెట్టేస్తారు. తర్వాత డేటాబేస్ ముఖం చూడరు. కాపీ ఉన్న చోటు మారింది గానీ జబ్బు అదే. ఒక్క మేలు మాత్రం ఉంది. ఆ కాపీ సర్వర్ చేతిలోనే ఉంది కాబట్టి, కావాలనుకుంటే సర్వర్ దాన్ని వెంటనే తుడిచేయగలదు.

ఫోన్లో మిగిలిపోయిన రెండో టోకెన్

ఇప్పుడు మన ఉద్యోగిని దగ్గరికి తిరిగి వద్దాం. ఆమె కంప్యూటర్లో లాగౌట్ అయి, పదకొండూ ఇరవైకి సూపర్‌వైజర్‌గా లాగిన్ అయింది. కొత్త టోకెన్‌లో `bill.approve` ఉంది, `bill.create` లేదు. అంతా సవ్యంగా ఉన్నట్టే.

కానీ ఆ కంపెనీకి మొబైల్ యాప్ కూడా ఉంది. గోడౌన్‌లో నిలబడి బిల్లు ఎంట్రీ చేయడానికి ఆమె అదే ఉదయం ఫోన్లోనూ లాగిన్ అయి ఉంది. ఫోన్ టోకెన్ వేరు, కంప్యూటర్ టోకెన్ వేరు. కంప్యూటర్లో నొక్కిన లాగౌట్ ఆ బ్రౌజర్‌లో ఉన్న టోకెన్‌ని మాత్రమే పారేసింది. ఫోన్లో ఉన్నది ఇంకా క్లర్క్ టోకెనే, దాని గడువు సాయంత్రం దాకా ఉంది. కాబట్టి ఆ మధ్యాహ్నమంతా ఆమె ఫోన్లో బిల్లు తయారు చేయగలదు, కంప్యూటర్లో దాన్ని ఆమోదించగలదు.

బ్యాంకులో పనిచేసినవాళ్లకు ఇది చదవగానే గుండె ఝల్లుమంటుంది. డబ్బు వ్యవహారాల్లో ‘మేకర్-చెకర్’ అని ఒక నియమం ఉంటుంది. తయారు చేసే చేయి, ఆమోదించే చేయి ఎప్పుడూ వేరువేరు మనుషులవై ఉండాలి. దొంగ బిల్లు పుట్టాలంటే కనీసం ఇద్దరు కలవాల్సి రావడమే ఈ నియమం ఇచ్చే రక్షణ. డేటాబేస్‌లో ఏ క్షణంలోనూ ఆమెకు రెండు అధికారాలూ కలిపి లేవు. ఆడిటర్ వచ్చి రోల్ జాబితా అడిగితే అంతా సక్రమంగానే కనిపిస్తుంది. అయినా ఆరు గంటలపాటు ఆ రెండు చేతులూ ఒకే మనిషివి అయ్యాయి. ఆమె మంచి మనిషే, ఏ తప్పూ చేయదు. కానీ నియమం మనిషి మంచితనం మీద ఆధారపడకూడదనే కదా దాన్ని పెట్టింది!

అధికారం పూర్తిగా తీసేసే సందర్భం ఇంకా కష్టమైనది. ఒకరిని చెల్లింపుల విభాగం నుంచి బదిలీ చేశారు, లేదా ఉద్యోగం నుంచే తొలగించారు. అడ్మిన్ వాళ్ల రోల్ తీసేశాడు, స్క్రీన్ మీద పచ్చటి టిక్కు వచ్చింది, పని అయిపోయిందని లేచాడు. ఆ వ్యక్తి టోకెన్ మాత్రం బతికే ఉంది. పదోన్నతి వచ్చినామె బటన్ కోసం తనే లాగౌట్ అయింది. అధికారం పోయిన మనిషి లాగౌట్ కావాల్సిన అవసరమేముంది? ఈ వ్యవస్థలో అధికారం తీసేయడం అనేది, తీసేయబడిన వ్యక్తి సహకరిస్తే తప్ప పూర్తికాని పనిగా మిగిలిపోతుంది.

లాగౌట్ గురించి కూడా ఒక అపోహ తొలగించుకోవాలి. ఇలాంటి టోకెన్ల విషయంలో చాలాచోట్ల లాగౌట్ అంటే బ్రౌజర్ తన దగ్గరి కాపీని పారేయడమే. సర్వర్ దానిని రద్దు చేసినట్టు కాదు. ఎవరైనా ఆ టోకెన్‌ని ముందే కాపీ చేసి పెట్టుకుని ఉంటే, `exp` లో రాసిన నిమిషం వచ్చేదాకా అది చెల్లుతుంది. పాస్‌వర్డ్ మార్చినా, ప్రోగ్రామ్‌లో ప్రత్యేకంగా ఏర్పాటు చేసి ఉంటే తప్ప, అప్పటికే ఇచ్చేసిన టోకెన్‌కి ఏమీ కాదు. టోకెన్‌లో పాస్‌వర్డ్ ఉండదు, సర్వర్ చూసేది సంతకం, గడువు మాత్రమే.

గడువు తీరిందంటే కూడా అంతా సర్దుకున్నట్టు కాదు. ఉద్యోగులు రోజుకు నాలుగుసార్లు పాస్‌వర్డ్ కొట్టాల్సిన బాధ లేకుండా, చాలా అప్లికేషన్లు రెండు టోకెన్లు ఇస్తాయి. ఒకటి తక్కువ గడువుది, రోజువారీ పనికి. రెండోది రోజులు, వారాలు ఉండేది, మొదటిదాన్ని పునరుద్ధరించడానికి. మొదటిది తీరగానే రెండోది చూపించి కొత్తది తెచ్చుకుంటాయి. అలా కొత్తది ఇచ్చేటప్పుడు సర్వర్ డేటాబేస్‌ని మళ్లీ చదవాలి. నేను తరచూ చూసే లోపం సరిగ్గా ఇక్కడే ఉంటుంది. ప్రోగ్రామర్ పాత టోకెన్‌లోని `role`, `perms` లను అలాగే కొత్తదాంట్లోకి ఎత్తి రాసేస్తాడు, గడువు మాత్రం పెంచుతాడు. దాంతో పాత హోదా గంటలు కాదు, వారాల తరబడి బతుకుతుంది. ‘గడువు పదిహేను నిమిషాలే కదా, ఇంకా పాత రోల్ ఎలా ఉంది?’ అని తలపట్టుకునే చోట మొదట వెతకాల్సింది ఈ పునరుద్ధరణ కోడ్‌లోనే.

ఎలా కనిపెట్టాలి, ఎలా సరిచేయాలి

హోదా మారినా పని జరగనప్పుడు కారణం టోకెనేనా, లేక అడ్మిన్ రోల్ సరిగా ఇవ్వలేదా అన్నది తేల్చుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. ఇప్పుడు తెరిచి ఉన్న కిటికీని అలాగే ఉంచండి. బ్రౌజర్‌లో ప్రైవేట్ విండో తెరిచి అందులో కొత్తగా లాగిన్ అవ్వండి. కొత్త విండోలో అధికారం కనిపించి, పాత విండోలో కనిపించకపోతే, దోషం పాత టోకెన్‌దే. రెండింట్లోనూ కనిపించకపోతే రోల్ ఇవ్వడంలోనే తేడా ఉంది, ఎన్నిసార్లు లాగౌట్ అయినా ఫలితం ఉండదు. అడ్మిన్ వైపు నుంచైతే ఇంకా సూటిగా తేల్చవచ్చు. టోకెన్‌లోని `iat` సమయం, రోల్ మార్చిన సమయం పక్కపక్కన పెట్టి చూడాలి. టోకెన్ ముందుది అయితే అది పాత కాపీ. తరవాతది అయినా పాత హోదానే చూపిస్తుంటే, ఇందాక చెప్పిన పునరుద్ధరణ లోపాన్ని అనుమానించాలి. ఒక హెచ్చరిక: టోకెన్‌ని విప్పి చూపిస్తామనే ఏదో ఒక వెబ్‌సైట్లో మీ ఆఫీసు టోకెన్‌ని అతికించకండి. దాని రెండో ముక్క రహస్య లిపి కాదు, ఎవరైనా చదవగలరు. గడువు ఉన్నంతసేపు ఆ టోకెన్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మీరు.

ఇక మందు. టోకెన్ గడువును ఎనిమిది గంటల నుంచి పది, పదిహేను నిమిషాలకు తగ్గించి, ప్రతి పునరుద్ధరణలోనూ డేటాబేస్ చదివించడం అన్నిటికన్నా సులభం. అప్పుడు ఎంత ఆలస్యమైనా పదిహేను నిమిషాలే. చాలా ఆఫీసు పనులకు ఇది చాలు. కానీ తొలగించిన ఉద్యోగి చేతిలో చెల్లింపుల అధికారం పదిహేను నిమిషాలు ఉండటం కూడా ఎక్కువే అయితే, ఇది సరిపోదు.

నాకు అన్నిటికన్నా నచ్చే ఏర్పాటు అనుమతులకు ఒక వెర్షన్ నంబరు పెట్టడం. ఉద్యోగి వరుసలో `perm_ver` అనే ఒక అంకె ఉంటుంది, 7 అనుకుందాం. టోకెన్ ఇచ్చేటప్పుడు అందులోనూ 7 అనే రాస్తారు. అడ్మిన్ ఆమె రోల్ మార్చగానే డేటాబేస్‌లో అది 8 అవుతుంది. ఆ తర్వాత 7 ఉన్న టోకెన్ ఏ పరికరం నుంచి వచ్చినా సర్వర్ ఒప్పుకోదు:

```
if token.perm_ver != current_perm_ver(token.sub):
    return 401
```

401 అంటే ‘మీరెవరో మళ్లీ రుజువు చేసుకోండి’ అని చెప్పే జవాబు. దాన్ని అందుకున్న బ్రౌజర్ లేదా యాప్ పునరుద్ధరణకు వెళ్తుంది, సర్వర్ డేటాబేస్ చదివి 8 ఉన్న కొత్త టోకెన్ ఇస్తుంది. పదోన్నతి వచ్చినామె ఏమీ చేయనక్కర్లేదు, తర్వాతి క్లిక్‌తోనే బటన్ వస్తుంది. ఫోన్లో ఉన్న క్లర్క్ టోకెన్ కూడా తర్వాతి క్లిక్‌తోనే చచ్చిపోతుంది. ఉద్యోగం పోయిన మనిషికి కొత్త టోకెన్ అసలు పుట్టదు. ప్రతి అభ్యర్థనకీ ఒక అంకెను చదవాల్సి రావడం దీని ఖర్చు. అనుమతుల జాబితా అంతా చదవడంతో పోలిస్తే అది చాలా తక్కువ. పైగా ఆ అంకెల్ని రెడిస్ లాంటి మెమరీ నిల్వలో ఉంచితే డేటాబేస్ మీద భారమే పడదు. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. రోల్ మార్చడం, అంకె పెంచడం, మెమరీలోని కాపీని మార్చడం విడివిడి పనులుగా వదిలేస్తే, మధ్యలో ఒకటి విఫలమైన రోజు పాత చిక్కే మళ్లీ వస్తుంది.

టోకెన్‌లో అనుమతులే పెట్టకుండా, ఉద్యోగి నంబరు మాత్రం ఉంచి, అనుమతుల్ని ప్రతిసారీ సర్వర్ వైపే చూసుకునే దారి కూడా ఉంది. రెండు వందల మంది పనిచేసే కంపెనీకి నన్నడిగితే ఇదే చాలంటాను. అంత చిన్నచోట డేటాబేస్‌ని అడగడం భారమే కాదు. పెద్ద కంపెనీల పద్ధతులు చదివి చిన్న అప్లికేషన్లలో కూడా టోకెన్ నిండా అనుమతులు కుక్కడం వల్ల వచ్చిన కష్టాలే ఎక్కువ.

పెద్ద స్థాయిలో ఇది ఎంత కష్టమో చెప్పడానికి మైక్రోసాఫ్ట్‌నే చూడవచ్చు. వాళ్ల ఎంట్రా ఐడీ సేవ ఇచ్చే యాక్సెస్ టోకెన్‌కి మామూలుగా గంట నుంచి గంటన్నర దాకా గడువు ఉంటుంది. ఆ కాస్త వ్యవధి కూడా ప్రమాదమే అనుకున్న సందర్భాల కోసం, యాక్సెస్‌ని నిరంతరం పునఃపరిశీలించే ఏర్పాటు ఒకటి తెచ్చారు. ఖాతా తొలగించడం, పాస్‌వర్డ్ మార్చడం, అడ్మిన్ టోకెన్లు రద్దు చేయడం లాంటి ఘటన జరిగితే, ఈమెయిల్ తదితర సేవలకు ఆ సమాచారం దాదాపు అప్పటికప్పుడు చేరుతుంది, పాత టోకెన్‌ని అవి నిరాకరిస్తాయి. అలా ఆపగలిగే శక్తి వచ్చాక, ఆ ఏర్పాటులో ఉన్న టోకెన్ల గడువును 28 గంటల దాకా పెంచగలిగారు. వెనక్కి పిలవగలిగే టోకెన్‌కి పొడవాటి గడువు ఇవ్వవచ్చు, వెనక్కి పిలవలేనిదానికి ఇవ్వకూడదు. మన అకౌంట్స్ అప్లికేషన్‌కి ఎనిమిది గంటలు ఇచ్చినవాళ్లు పట్టించుకోని లెక్క ఇదే.

వీటిలో ఏది ఎంచుకున్నా, డబ్బు కదిలే చోట టోకెన్‌ని మాత్రమే నమ్మకూడదు. బిల్లు ఆమోదించే కోడ్ ఆ క్షణంలో డేటాబేస్‌లో ఆమె హోదా ఏమిటో చదవాలి. ఆ బిల్లును తయారు చేసినవారి నంబరు, ఆమోదిస్తున్నవారి నంబరు ఒకటైతే, హోదా ఏదైనా సరే, ఆపేయాలి. బిల్లులు చూడటం లాంటి రోజంతా జరిగే పనులు టోకెన్ మీద నడవనివ్వండి. ఆమోదాలు రోజుకు ఏ వందో రెండు వందలో ఉంటాయి, ఆ కాసిని ప్రశ్నలకు డేటాబేస్ అలసిపోదు.

మీ ఆఫీసులో ఉద్యోగుల హోదాలు మార్చే పని మీదైతే, సాఫ్ట్‌వేర్ సరిచేసేదాకా ఒక పద్ధతి పాటించండి. ఎవరి అధికారమైనా తగ్గించినప్పుడు లేదా తీసేసినప్పుడు, రోల్ మార్చడంతో ఆగకండి. ‘అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్’ అనే ఏర్పాటు ఉంటే దాన్నీ నొక్కండి, నొక్కాక ఒక ప్రయోగ ఖాతాతో అది ఇప్పటికే ఇచ్చిన టోకెన్లను నిజంగా ఆపుతోందో లేదో ఒకసారి పరీక్షించండి. సాఫ్ట్‌వేర్ అమ్మినవారిని ఈ ప్రశ్న అడగండి: నేను ఒకరి అధికారం తీసేసిన తర్వాత, ఆ మనిషి లాగౌట్ కాకుండా కూర్చుంటే, ఆ అధికారం గరిష్ఠంగా ఎన్ని నిమిషాలు పనిచేస్తుంది? జవాబును నిమిషాల్లో, రాతపూర్వకంగా తీసుకోండి.